నాలుక కింద తీగ కోయించాలా, ఆగాలా? 11 రోజుల బాబు పాలు సరిగ్గా తాగుతలేడు

సౌజన్య_హన్మకొండ · మంగళవారం రాత్రి 11:40
అందరికి నమస్తే. మొదటి కాన్పు, ఆపరేషన్ అయింది. 38 వారాలు నిండినయి. బాబు పుట్టినప్పుడు 2 కిలోల 950 గ్రాములు. నాలుగో రోజు ఇంటికి పంపేటప్పుడు 2.720. ఇయ్యాల పదకొండో రోజు, అదే దవాఖానల తూకం వేయిస్తే 2.760.
పాలు పట్టిన ప్రతిసారి కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయి. రెండు చనుమొనలు పగిలినయి, కుడి దిక్కుది రక్తం కూడా వచ్చింది. బాబు గంట సేపు రొమ్ము పట్టుకొనే ఉంటడు, మధ్యల నిద్రపోతడు, తీస్తే మళ్ల ఏడుస్తడు. తాగేటప్పుడు టక్ టక్ మని చప్పుడు వస్తది. ఏడ్చినప్పుడు చూస్తే నాలుక పైకి లేస్తలేదు. కొసన మధ్యల లోపలికి గుంజినట్టయి రెండు పాయలుగ కనిపిస్తది. నాలుక కింద సన్నటి తెల్లటి పొర కొస దాకా ఉన్నది.
ఒక పళ్ల డాక్టరుకు చూపిస్తే లేజర్‌తోని నాలుక కింద, పై పెదవి కింద రెండు చోట్ల కోయాలె అన్నడు. తర్వాత కొన్ని వారాలు రోజుకు ఐదారు సార్లు వేలు పెట్టి గాయం దగ్గర సాగదీయాలెనట. మా పిల్లల డాక్టరేమో చాలామందికి ఉంటది, ఆగి చూద్దాం అన్నరు. అత్తమ్మ డబ్బా పాలు పట్టుమంటున్నది. ఎవరి మాట వినాల్నో అర్థమైతలేదు. మీ పిల్లలకు ఎవరికన్న ఇట్ల అయిందా?

రాజు_జనగామ · మంగళవారం రాత్రి 11:58
చెల్లె, ఆలోచించకుండ చేయించుండ్రి. మా పాపకు హైదరాబాద్‌ల లేజర్ చేయించినం. ఒక్క చుక్క రక్తం రాలేదు. కత్తెరతోని కోస్తే మళ్ల అతుక్కుంటదని అక్కడ చెప్పిండ్రు. ఇప్పుడు వదిలేస్తే రేపు మాటలు కూడా రావు. పెదవి కింద కూడా ఒకేసారి అయిపోతే మంచిదే కదా.

లలిత_నర్సంపేట · బుధవారం ఉదయం 6:15
మా బాబుకు నాలుగేండ్లు. "ర" పలుకుతలేడు, "రామయ్య" అనుమంటే "లామయ్య" అంటడు. మా అత్తమ్మ వస కొమ్ము అరగదీసి నాలుకకు రాస్తున్నది. మావోనికి కూడా ఈ తీగనే ఉందా? కోయిస్తే మాట తిరుగుతదా? ఎంత ఖర్చు అయితదో చెప్పుండ్రి ఎవరన్న.

శాంతక్క_నర్సు · బుధవారం ఉదయం 7:05
సౌజన్య బిడ్డా, నేను కాన్పుల వార్డుల ముప్పై ఏండ్లు చేసి రిటైర్ అయిన. పాలు పట్టించుడే నా పని. కోయాల్నా వద్దా అన్నది పక్కకు పెట్టు, దానికి టైం ఉన్నది. ముందు బాబు కడుపు సంగతి చూద్దాం.
పుట్టినంక మొదటి మూడు నాలుగు రోజులు ఏ బిడ్డయినా కొంత బరువు తగ్గుతది. మీవాడు 230 గ్రాములు తగ్గిండు, అంటే నూటికి ఎనిమిది పాళ్ల లోపు. అది భయపడేది కాదు. కానీ తర్వాత ఏడు రోజుల్ల పెరిగింది 40 గ్రాములే. పాలు దిగినంక రోజుకు 25, 30 గ్రాములు పెరగాలె, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు రావాలె. మీవాడు రోజుకు ఆరు గ్రాములు కూడా పెరుగుతలేడు. నాలుక సంగతి ఏదైనా, పాలు కడుపులకు పోతలేవని ఈ తూకమే చెప్తున్నది.
మూడు సంగతులు చెప్పు. నిన్న ఒక్క రోజుల మూత్రం ఎన్నిసార్లు పోసిండు, బట్ట మీద రంగు ఎట్లున్నది? దొడ్డికి పసుపుగ పోతున్నడా, ఇంకా నల్లగ, ఆకుపచ్చగనే ఉన్నదా? బాబు నోట్లకెళ్లి తీసిన వెంటనే చనుమొన ఏ ఆకారంల ఉంటది?
లలితమ్మా, నీ సంగతి వేరే, కింద డాక్టరు గారు ఎవరన్న చెప్తరు. తేనె, వస లాంటివి మాత్రం ఏడాది లోపు పిల్లల నోట్ల పెట్టకుండ్రి. తేనెల ఉండే క్రిముల గింజలు చంటిపిల్లల పేగుల్ల మొలిచి ఒంటిని చచ్చువడేటట్టు చేస్తయి. సౌజన్యా, మీ ఇంట్ల కూడా ఎవరన్న నాకిస్తమంటే ఆపు.

సౌజన్య_హన్మకొండ · బుధవారం ఉదయం 8:20
అక్కా, నిన్న మూత్రం నాలుగు సార్లే. ఒకసారి బట్ట మీద ఇటుక పొడి రంగు మరక కనిపించింది. దొడ్డికి పసుపే కానీ ఒక్కసారే, కొంచెమే. చనుమొన తీయంగనే ఒక దిక్కు నొక్కినట్టు ఏటవాలుగ ఉంటది, కొస తెల్లగ పాలిపోతది. కొద్దిసేపటికి మళ్ల మామూలు రంగుకు వస్తది, అప్పుడు మంట ఇంకా ఎక్కువ.

శాంతక్క_నర్సు · బుధవారం ఉదయం 8:45
ఇయ్యాలనే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకపో, రేపటికి పెట్టకు. ఐదో రోజు దాటినంక మూత్రం రోజుకు ఆరు సార్లకు తగ్గొద్దు. ఇటుక రంగు మరక మొదటి రెండు మూడు రోజులు అయితే సరే, పదకొండో రోజు కనబడితే పాలు చాలుతలేవని గుర్తు. పచ్చకామెర్లు ఉన్నయేమో కూడా చూపించు. బాబు పాలకు లేవకుండ మత్తుగ పడుకుంటే, ఏడుపు సన్నబడితే ఎంత రాత్రయినా దవాఖానకు పోవాలె.
ఇంటికి వచ్చినంక ఇట్ల చెయ్యి. ప్రతి రెండున్నర, మూడు గంటలకు ఒకసారి రొమ్ముకు పెట్టు, ఒక్కో దిక్కు పదిహేను నిమిషాలు చాలు. గంట గంట పెడితే నువ్వు అలసిపోతవు, వాడూ అలసిపోతడు. తర్వాత చేత్తోని గానీ పంపుతోని గానీ పాలు పిండి, ఆ పాలనే ఉగ్గుగిన్నెతోని పట్టు. పిండుడు మానొద్దు. బిడ్డ గట్టిగ గుంజకపోతే రొమ్ముల పాలు అట్లనే నిలిచిపోతయి, నిలిచిన పాలకు కొత్త పాలు ఊరవు. పది, పన్నెండు రోజుల్ల పాలు తగ్గిపోయినయని ఏడ్చే తల్లులల్ల సగం మంది కథ ఇదే. పిండినా చాలకపోతే డాక్టరు చెప్పిన లెక్కన డబ్బా పాలు కొన్ని రోజులు పట్టినా తప్పు లేదు, మీ అత్తమ్మ మాట పూర్తిగ కాదనకు. కానీ సీసాల కాదు, ఉగ్గుగిన్నెతోని.
ఇగ నొప్పి సంగతి. చనుమొన నొక్కుకపోయి తెల్లవడుతున్నదంటే బాబు దాన్ని నాలుకకు, అంగిటికి నడుమ ముందరనే అదుముతున్నడు. చనుమొన నోట్ల చానా లోపలికి, మెత్తటి అంగిటి దాకా పోవాలె. నాలుక కింది దవడ చిగురు దాటి ముందుకు వచ్చి రొమ్మును కింద నుంచి పట్టుకోవాలె. తీగ నాలుకను వెనక్కి గుంజుతే ఈ పని కాదు. కానీ బిడ్డను సరిగ్గ పట్టుకోకున్నా అచ్చం ఇదే నొప్పి, ఇదే ఆకారం వస్తది. అందుకే ముందు పట్టు సరిచేసి చూస్తం.
నువ్వు వెనక్కి వాలి కూర్చో, ఆపరేషన్ కుట్ల మీద బరువు పడకుండ బాబును పక్క నుంచి చంక కిందికి తెచ్చుకో. వాని కడుపు నీ ఒంటికి ఆనాలె. తలను వెనక నుంచి నొక్కకు, భుజాల కాడ పట్టుకో. వాని ముక్కు నీ చనుమొనకు ఎదురుగ ఉండాలె, నోరు కాదు. అట్లయితే వాడు తల కొంచెం వెనక్కి వంచి నోరు పెద్దగ తెరుస్తడు. ఆవులించినంత పెద్దగ తెరిచినప్పుడే, గదువ ముందు తగిలేటట్టు దగ్గరికి తెచ్చుకో. సరిగ్గ పట్టుకుంటే నల్లటి భాగం కింద తక్కువ, పైన ఎక్కువ కనబడతది, కింది పెదవి బయటికి తిరిగి ఉంటది. మొదట్ల కొన్ని గుటకలు నొప్పి ఉండొచ్చు, ఆ తర్వాత కూడా గుచ్చుతుంటే చిటికెన వేలు వాని నోటి మూలకు పెట్టి విడిపించి మళ్ల పట్టించు. నొప్పి ఓర్చుకుంట కూర్చోకు.

పిల్లల_డాక్టర్_కరీంనగర్ · బుధవారం మధ్యాహ్నం 2:30
శాంతక్క చెప్పిన వరుస సరైనది. ముందు బిడ్డ కడుపు నిండాలి, తల్లి పాలు తగ్గకుండా చూడాలి, తర్వాత నాలుక సంగతి.
ఫోటో చూడకుండా నిర్ధారించలేను కానీ సౌజన్య గారు వర్ణించింది నాలుక కొస దాకా వచ్చిన తీగ లాగే ఉంది. అయితే తీగ కనిపించడం వేరు, దానివల్ల పాలకు ఇబ్బంది రావడం వేరు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2024లో చెప్పిన మాట ఏమిటంటే, తీగ ఉన్న పిల్లల్లో సగం కంటే తక్కువ మందికే పాలు తాగడంలో ఇబ్బంది వస్తుంది. మీ డాక్టరు "ఆగి చూద్దాం" అన్నది అందుకే అయ్యుండాలి. ఆగడం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు, ఈలోపు ఎవరో ఒకరు పక్కన కూర్చుని మీరు పాలు పట్టడం మొదటి నుంచి చివరి దాకా చూడాలి. అది జరిగిందా? నా దగ్గరకు కోయించడానికి వచ్చే తల్లుల్లో చాలామంది పాలు పట్టడం అంతవరకు ఎవరూ చూడనే లేదు.
నేను కోయమని చెప్పడానికి ముందు చూసేది ఇది. నాలుక కదలిక నిజంగా తగ్గిందా? పట్టు సరిచేసిన తర్వాత కూడా నొప్పి గానీ, పాలు తక్కువ దిగడం గానీ అలాగే ఉన్నాయా? వేరే కారణం, అంటే నెలలు నిండకపోవడం, చనుమొన లోపలికి ఉండటం, బిడ్డ నోట్లో పూత, తల్లికి పాలు ఆలస్యంగా దిగడం లాంటివి చూసి పక్కన పెట్టామా? మూడింటికీ అవునని వస్తే కోయడానికి నేను వెనకాడను. అంత చిన్న పనికి తల్లి నెలల తరబడి నొప్పి పడటం న్యాయం కాదు.
లేజర్ గురించి రాజు గారికి. చంటిబిడ్డకు కత్తెరతో కోయడం కంటే లేజర్ మేలని ఇంతవరకు తేలలేదు. సన్నటి పొరకు కత్తెర ఒక్క క్షణం పని. తర్వాత వేలితో సాగదీయడం వల్ల మళ్లీ అతుక్కోకుండా ఉంటుందన్న ఆధారం లేదు, అదే సంఘం అది వద్దనే చెప్పింది. పచ్చి పుండును రోజూ అన్నిసార్లు నొక్కితే కొంతమంది పిల్లలు నోటి దగ్గరికి ఏది వచ్చినా ముఖం తిప్పేసుకుంటారు. పై పెదవి కింది పొర దాదాపు ప్రతి బిడ్డకూ ఉంటుంది, పాల కోసం దాన్ని కోయాల్సిన పని లేదు.
లలిత గారూ, నాలుగేళ్లకు "ర" తిరగకపోవడం చాలామంది పిల్లల్లో ఉంటుంది, కొందరికి ఆరేడేళ్ల దాకా పడుతుంది. మిగతా మాటలు బాగా వస్తూ, బయటివాళ్లకు అర్థమవుతుంటే తొందర లేదు. తీగ వల్ల మాటలు ఆలస్యంగా వస్తాయనడానికి ఆధారం లేదు. మాటల థెరపిస్టుకు ఒకసారి చూపించండి, నాలుక కదలిక కూడా వాళ్లే చూస్తారు.

రాజు_జనగామ · బుధవారం సాయంత్రం 5:10
డాక్టర్ సాబ్, మీరు ఆధారం లేదంటున్నరు. మా పాప చేసిన రోజు నుంచే మంచిగ తాగింది, మేము కండ్లార చూసినం. సాగదీసుడు కూడ చేసినం, మళ్ల అతుక్కోలేదు. మరి అదంత ఉత్తదేనా?

పిల్లల_డాక్టర్_కరీంనగర్ · బుధవారం రాత్రి 9:00
ఉత్తది కాదండీ. కోస్తే తల్లికి నొప్పి త్వరగా తగ్గుతుంది, అది పరీక్షల్లో కూడా కనిపించింది. 2017లో ఐదు పరీక్షలను, మొత్తం 302 మంది పిల్లలవి, ఒకచోట చేర్చి చూశారు. తల్లుల నొప్పి తగ్గింది. బిడ్డ తాగడం మెరుగయిందా అన్నది మాత్రం ఒక పరీక్షలో ఒకలా, ఇంకో దాంట్లో ఇంకోలా వచ్చింది. ఇంకో చిక్కు ఏమిటంటే, ఇలాంటి పరీక్షల్లో కోయకుండా ఉంచిన పిల్లలకు కూడా కొద్ది రోజుల్లోనే తల్లిదండ్రులు అడిగి కోయించేశారు. అందుకే నెలల తర్వాత తేడా ఎంత అన్నది తేల్చడం కష్టమైంది. మీ పాపకు కోయడం వల్ల మేలు జరిగి ఉండొచ్చు. కత్తెరతో చేసినా, సాగదీయకున్నా అదే మేలు జరిగేదేమో అన్నదే నా మాట.

మమత_పరకాల · బుధవారం రాత్రి 10:20
నాది ఉల్టా కేసు. మా పాప 36 వారాలకే పుట్టింది. నొప్పి లేదు కానీ తాగుకుంట తాగుకుంట నిద్రపోయేది, బరువు పెరగలే. ఒకాయన చూసి నాలుక కింద తీగ ఉందన్నడు, పదో రోజు కోయించినం. ఏమీ మారలే. తర్వాత పెద్ద దవాఖానల చూసిన మేడం చెప్పింది, నెలలు నిండని పిల్లకు గట్టిగ గుంజే బలం ఉండది, అది 39, 40 వారాల లెక్కకు వచ్చినంక వస్తదని. అప్పటిదాక పాలు పిండి ఉగ్గుగిన్నెతోని పట్టినం. నిజంగనే నెల నిండేసరికి మంచిగ తాగింది. పాప నోట్ల ఉత్తగనే గాయం చేయించినమని ఇప్పటికీ బాధ అనిపిస్తది. సౌజన్యా, నీకు నొప్పి ఉన్నది, చనుమొన నొక్కుకపోతున్నది, అది వేరేలెక్క ఉన్నది. అయినా నీ కేసు నీదే, మాది చూసి ఆగకు, రాజన్నది చూసి పోకు.

ఆశ_వర్ధన్నపేట · గురువారం ఉదయం 9:40
అక్కలూ, ఒక చిన్న మాట. మేము ఇంటింటికి పోయి 3, 7, 14, 21, 28, 42 రోజులకు బిడ్డను చూస్తం, తూకం కూడా వేస్తం. కానీ మా తూకానికి, దవాఖాన తూకానికి కలవదు. ఒక దగ్గర వేసినప్పుడు బట్టలతోని, ఇంకో దగ్గర బట్టలు లేకుండ వేస్తే వంద గ్రాములు ఇట్లనే తేడా వస్తది. సౌజన్యక్క రెండుసార్లు ఒకే తూకం మీద వేయించింది కాబట్టి 40 గ్రాములు అన్నది నమ్మొచ్చు. ఇగ మీదట కూడ ఒక్క తూకం మీదనే, బట్టలు తీసి, పాలు పట్టకముందే వేయించుండ్రి.

సౌజన్య_హన్మకొండ · శనివారం రాత్రి 10:05
బుధవారమే పోయినం. కామెర్లు తక్కువే అన్నరు. బాబు హుషారుగ ఉన్నడు కాబట్టి అడ్మిట్ వద్దన్నరు. శాంతక్క చెప్పినట్టు పట్టుడు, పిండుడు, ఉగ్గుగిన్నె. పిండిన పాలకు తోడు రోజుకు రెండు మూడు సార్లు డబ్బా పాలు కూడా పట్టినం. మూత్రం ఏడెనిమిది సార్లకు వచ్చింది, మరక లేదు. ఇయ్యాల తూకం 2.865.
డాక్టరు గారు చెప్తే పాల సిస్టర్ దగ్గర కూర్చున్న. ఆమె బాబును పాలకు ముందు తూకం వేసింది, పట్టినంక అదే బట్టల మీద, డైపర్ మార్చకుండ మళ్ల వేసింది. ఇరవై ఐదు నిమిషాలు పట్టినా 20 గ్రాములే పెరిగింది. అంటే 20 ఎంఎల్ తాగినట్టు. తర్వాతి పాలకు ఆమెనే పక్కనుండి పట్టు సరిచేసింది. అప్పుడు 35. నొప్పి పదిల తొమ్మిది ఉండేది, ఇప్పుడు ఆరు. తక్కువైంది కానీ పోలేదు, చనుమొన ఇంకా ఏటవాలుగనే వస్తున్నది. టక్ టక్ చప్పుడు కూడ ఉన్నది. 35 అంటే మంచిదేనా?

శాంతక్క_నర్సు · శనివారం రాత్రి 10:40
మంచిగ పెరిగిండు బిడ్డా, నాలుగు రోజుల్ల 105 గ్రాములు. అంటే బాబుల లోపం లేదు, కడుపుల పడితే పెరుగుతడు.
35 లెక్క చూడు. ఈ వయసుల కిలోకు రోజుకు 150 ఎంఎల్ దాకా కావాలె. మీవానికి 430 దగ్గర. ఎనిమిది సార్లు పడితే ఒక్కోసారి 50, 55 పడాలె. పట్టు సరిచేస్తే 20 నుంచి 35కు వచ్చింది, అంటే సగం తప్పు పట్టుడుల ఉన్నది. మిగిలింది ఎక్కడుందో ఇప్పుడు చూడాలె. ఒక్క పూట తూకం చూసి తీర్పు చెప్పొద్దు. పిల్లలు పొద్దుగాల ఎక్కువ తాగుతరు, సాయంత్రం తక్కువ తాగుతరు. ఆ తూకం ఐదు పది గ్రాములు అటిటు కూడ చూపిస్తది. ఇంకా మూడు నాలుగు రోజులు ఇదే పట్టుతోని పట్టి, మళ్ల ఆ సిస్టర్ దగ్గరనే రెండు మూడు పూటలు తూకం వేయించు.

పిల్లల_డాక్టర్_కరీంనగర్ · ఆదివారం ఉదయం 11:15
మళ్లీ వెళ్లినప్పుడు నాలుకను కూడా కొలిచి రాయమని అడగండి. మేము వాడే బ్రిస్టల్ స్కోరులో నాలుగు చూస్తాం. నాలుక కొస గుండ్రంగా ఉందా, నొక్కుకుపోయిందా. తీగ కింద ఎక్కడ అతుక్కుంది, చిగురు పైనా, చిగురు లోపలి వైపునా, నోటి అడుగునా. నోరు పెద్దగా తెరిచి ఏడ్చినప్పుడు నాలుక ఎంత పైకి లేస్తుంది. నాలుక ఎంత బయటికి వస్తుంది. ఒక్కో దానికి 0 నుంచి 2. మొత్తం 8 వస్తే మామూలు, 3 లోపు వస్తే కదలిక బాగా తగ్గినట్టు.
స్కోరు తక్కువ వచ్చిందని మాత్రమే కోయకూడదు. హాయిగా తాగి పెరుగుతున్న బిడ్డకు 2 వచ్చినా నేను ముట్టుకోను. మీ విషయంలో స్కోరు, నొప్పి, తాగిన కొలత మూడూ ఒకే వైపు చూపిస్తే అప్పుడు నిర్ణయం సులువు.
కోయించేటట్టయితే రెండు విషయాలు ముందే చూసుకోండి. పుట్టగానే తొడకు విటమిన్ కె ఇంజెక్షన్ వేశారా అన్నది డిశ్చార్జి కాగితంలో ఉంటుంది, చూడండి. మీ రెండు వైపుల కుటుంబాల్లో చిన్న దెబ్బకే రక్తం ఆగకపోవడం, సున్తీ గానీ పన్ను తీసినప్పుడు గానీ చాలా రక్తం పోవడం ఉన్నదేమో అడగండి. ఉంటే రక్త పరీక్ష అయ్యేదాకా ఆగాలి.

విజయ_మంచిర్యాల · ఆదివారం మధ్యాహ్నం 3:30
మా పాపకు నాలుక కొస గుండ్రంగనే ఉన్నది, బయటికి కూడ వస్తది. అయినా నాకు నొప్పి. ఒకరు వేలు పెట్టి చూసి "లోపల దాక్కున్న తీగ" ఉందన్నరు, కోయాలన్నరు. ఇంకొకరు అసలు అట్లాంటిది లేదు అన్నరు. ఎవరిది నిజం?

శాంతక్క_నర్సు · ఆదివారం సాయంత్రం 6:00
విజయా, నేను వేలు పెట్టి చూసినప్పుడు కొంతమంది పిల్లలకు నాలుక అడుగున బిగుతు తగులుతది. కోసినంక ఒకరిద్దరు తల్లులకు నొప్పి తగ్గింది కూడ. అందుకని అది అసలే లేదు అని నేను అనలేను.

పిల్లల_డాక్టర్_కరీంనగర్ · ఆదివారం రాత్రి 8:20
ఇక్కడ నేను శాంతక్కతో పూర్తిగా ఒప్పుకోను. ఆ "లోపలి తీగ" అంటే ఏమిటన్న దాని మీద డాక్టర్లకే ఏకాభిప్రాయం లేదు, ఇద్దరు చూస్తే ఇద్దరూ ఒకే మాట చెప్పరు. అది కనబడే పొర కాదు కాబట్టి లోతుగా కోయాల్సి వస్తుంది. నాలుక కింద లాలాజలం వచ్చే గొట్టాలు, రక్తనాళాలు ఉంటాయి. కదలిక బాగున్న నాలుకను నొప్పి కోసం లోతుగా కోయడానికి నేను సిద్ధంగా లేను. విజయ గారూ, ముందు పట్టు చూపించుకోండి. చనుమొన పాల తర్వాత తెల్లబడి, చల్లగాలికి ఇంకా మండితే అది రక్తనాళాలు బిగుసుకోవడం కావచ్చు, దానికి వెచ్చదనం, వేరే మందు ఉంటుంది.

శాంతక్క_నర్సు · ఆదివారం రాత్రి 8:45
డాక్టరు బాబు మాట మీద నాకు గౌరవం ఉన్నది. నేను చూసింది నేను చెప్పిన. విజయా, ముందు పట్టు చూపించుకో అన్నదాంట్ల ఇద్దరిదీ ఒక్క మాటే.

సౌజన్య_హన్మకొండ · శుక్రవారం సాయంత్రం 4:50
నిన్న కోయించినం. మీ అందరికి చెప్పాలె అని రాస్తున్న.
బుధవారం మూడు పూటలు తూకం వేసిండ్రు. 35, 30, 40. నొప్పి ఆరు దగ్గరనే ఆగింది. నాలుక స్కోరు 2 వచ్చింది. కొస పాయలుగ ఉన్నదానికి సున్నా, తీగ చిగురు మీదనే అతుక్కున్నదానికి సున్నా, ఏడ్చినప్పుడు అంచులు మాత్రమే సగం దాకా లేచినందుకు ఒకటి, నాలుక చిగురు దాటి వచ్చి పెదవి దాటకున్నందుకు ఒకటి. విటమిన్ కె వేసినట్టు కాగితంల ఉన్నది. మా దిక్కు గానీ, వాళ్ల దిక్కు గానీ రక్తం ఆగని జబ్బు ఎవరికీ లేదు. పిల్లల సర్జన్ దగ్గరికి పంపిండ్రు.
బాబును చేతులతోని సహా బట్టల గట్టిగ చుట్టిండ్రు. సిస్టర్ తల పట్టుకున్నది. నాలుక కింద రెండు చుక్కలు తియ్యటి నీళ్లు వేసిండ్రు. డాక్టరు ఒక చేతి వేళ్లతోని నాలుకను పైకి లేపితే లైటు వెలుతుర్ల ఆ పొర పారదర్శకంగ కనిపించింది, సన్నటి ప్లాస్టిక్ కాగితం లెక్క. మొండి మొనల చిన్న కత్తెరతోని ఒక్కసారి కత్తిరించిండ్రు. మత్తు ఇయ్యలే. గాజు గుడ్డతోని కొద్దిసేపు నొక్కిపట్టిండ్రు. ఐదారు చుక్కల రక్తం వచ్చింది. వెంటనే నా చేతికిచ్చి రొమ్ముకు పెట్టుమన్నరు. వాడు చుట్టినప్పుడే ఎక్కువ ఏడ్చిండు, కోసినప్పుడు కాదు. ఆ పూట నొప్పి ఆరు నుంచి మూడుకు వచ్చింది. ఏడ్చినప్పుడు నాలుక ఇప్పుడు పైకి లేస్తున్నది. పై పెదవి జోలికి పోలేదు, సాగదీసుడు కూడ వద్దన్నరు.
ఒక్కటే బుగులు. ఇయ్యాల నాలుక కింద తెల్లగ, కొంచెం పసుపుగ మచ్చ లెక్క వచ్చింది. చీము పట్టిందా?

శాంతక్క_నర్సు · శుక్రవారం సాయంత్రం 5:30
చీము కాదు. నోట్ల పుండు మానేటప్పుడు అట్లనే తెల్లటి పొర కడతది, వారం పది రోజుల్ల పోతది. తుడవకు, గీకకు. జ్వరం వస్తే, పాలు తాగుడు మానేస్తే, రక్తం మళ్ల వచ్చి శుభ్రమైన గుడ్డతోని పది నిమిషాలు నొక్కినా ఆగకపోతే వెంటనే దవాఖానకు పోవాలె.

రాజు_జనగామ · శుక్రవారం రాత్రి 9:15
మంచిగయింది చెల్లె. కత్తెరతోని అన్నరు కదా, మళ్ల అతుక్కుంటే ఏం చేస్తరు అని అడిగినవా?

సౌజన్య_హన్మకొండ · శుక్రవారం రాత్రి 9:40
అడిగిన అన్నా. కొద్దిమందికి అతుక్కోవచ్చు అన్నరు. నొప్పి తగ్గి మళ్ల పెరిగితేనే రమ్మన్నరు, లేకుంటే చూడాల్సిన పని లేదట. తరచుగ రొమ్ముకు పెట్టుమన్నరు, నాలుక ఆడుడే దానికి కసరత్తు అన్నరు.

సౌజన్య_హన్మకొండ · మరుసటి గురువారం ఉదయం 10:30
వారం అయింది. బాబు 3.250. నొప్పి ఒకటి, రెండు, అది కూడ మొదట్లనే. పగుళ్లు మానుతున్నయి. మూడు పూటలు తూకం వేస్తే 45, 60, 50. కానీ ఇప్పటికీ పిండిన పాలు రోజుకు నాలుగు సార్లు ఉగ్గుగిన్నెతోని పడుతున్న. డబ్బా పాలు ఒక్కసారి. సాయంత్రం పూట రొమ్ము దగ్గర ఇంకా గొడవ చేస్తడు. కోసినంక అంతా ఒక్కసారిగ సరైతదనుకున్న. పై నుంచి పట్టుడు ఎప్పుడు, ఎట్ల ఆపాలె?

శాంతక్క_నర్సు · గురువారం ఉదయం 11:10
మూడు వారాలు నాలుకను ఒక తీరుగ వాడటం అలవాటైన బిడ్డ, కోయంగనే కొత్త తీరు నేర్చుకోడు. కొంతమందికి రెండు మూడు వారాలు పడతది. నీ పాలు కూడ మొదటి రెండు వారాలు వెనకబడ్డయి, అవి కూడ పెరగాలె.
ఒక్కసారిగ ఆపకు. ముందు డబ్బా పాలు తీసెయ్, ఎందుకంటే అది నీ రొమ్ముల నుంచి వచ్చేది కాదు. మూడు రోజులు ఆగి ఒకే తూకం మీద బరువు చూడు. రోజుకు 25 గ్రాములకు తగ్గకుంటే, ఉగ్గుగిన్నెతోని పట్టేదాంట్ల పొద్దున పూటది ఒకటి తీసెయ్, ఎందుకంటే పొద్దుగాల రొమ్ముల పాలు నిండుగ ఉంటయి. మళ్ల మూడు రోజులు చూడు. ఇట్ల ఒక్కొక్కటి తగ్గించుకుంట పో, సాయంత్రానిది చివరికి పెట్టు. మధ్యల ఎప్పుడన్న మూత్రం ఆరు సార్లకు తగ్గినా, తూకం ఆగినా ఒక మెట్టు వెనక్కి వచ్చి, తీసేసినదాన్ని మళ్ల మొదలు పెట్టు. పిండుడు మాత్రం ఉగ్గుగిన్నె పూర్తిగ మానినంక కూడ ఒక వారం రోజుకు రెండు సార్లు చెయ్యి, అప్పుడే పాలు తగ్గవు.
మూడు రోజులకు తూకం ఎంత వచ్చిందో ఇక్కడ రాయి.